అడ్రసింగ్ మోడ్‌లు: 6502 ప్రాసెసర్ ఉదాహరణగా

అసెంబ్లీ భాషలో రాసే ప్రతి ఆదేశం ప్రాసెసర్‌కు రెండు సంగతులు చెప్పాలి. చేయాల్సిన పని ఏమిటి, ఆ పనికి కావలసిన విలువ ఎక్కడుంది. మొదటిది ఆప్‌కోడ్ చెబుతుంది. రెండోదాన్ని చెప్పే పద్ధతిని అడ్రసింగ్ మోడ్ అంటారు. ఇమ్మీడియట్, డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్, ఇండెక్స్డ్ అనే నాలుగూ వీటిలో మూలమైనవి. మిగతావి చాలావరకు ఈ నాలుగింటి కలయికలే.

పాఠ్యపుస్తకాలు వీటిని నాలుగు నిర్వచనాలుగా ఇచ్చి వదిలేస్తాయి. నిర్వచనాల కంటే ఒక ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది: ప్రోగ్రాం రాసినప్పుడే ఆదేశంలో స్థిరపడిపోయింది ఏది, నడిచేటప్పుడు తేలడానికి మిగిలింది ఏది? ఇమ్మీడియట్‌లో విలువే స్థిరం. డైరెక్ట్‌లో చోటు స్థిరం, విలువ మారవచ్చు. ఇండెక్స్డ్‌లో మొదలయ్యే చోటు స్థిరం, అక్కణ్ణుంచి ఎంత దూరం అన్నది మారుతుంది. ఇన్‌డైరెక్ట్‌లో చోటు కూడా ముందు తెలియదు. ఆ చోటు ఎక్కడ రాసి ఉందో మాత్రమే తెలుసు.

దీన్ని చూడటానికి 6502 ప్రాసెసర్ చక్కగా సరిపోతుంది. చక్ పెడల్ బృందం రూపొందించిన ఈ చిప్‌ను ఎమ్‌ఓఎస్ టెక్నాలజీ సంస్థ 1975లో 25 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఆపిల్ 2, కమడోర్ పెట్, బీబీసీ మైక్రో దీనిమీదే నడిచాయి. మన దేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద పాఠశాలలకు ఇచ్చింది బీబీసీ మైక్రో కంప్యూటర్లనే. ఆ రోజుల్లో బడిలో కంప్యూటర్ ముట్టుకున్న పిల్లలు తెలియకుండానే 6502తో పని చేయించారన్నమాట.

ఇందులో లెక్కలు చేసే రిజిస్టర్ ఒక్కటే, `A`. దానికి తోడు `X`, `Y` అని రెండు ఇండెక్స్ రిజిస్టర్లు. మూడూ ఒక్కో బైటువే. మెమరీ చిరునామా మాత్రం రెండు బైట్లు, అంటే మొత్తం 65,536 గదులు. 256 గదులను కలిపి ఒక పేజీ అంటారు. `$0000` నుంచి `$00FF` వరకూ ఉన్న మొదటి పేజీకి జీరో పేజీ అని పేరు; దానిలోని చిరునామాలకు ఒక్క బైటు చాలు. అంకెకు ముందు `$` ఉంటే అది 16 ఆధారంగా రాసిన సంఖ్య అని గుర్తు.

ఇంకొక్క లక్షణం గుర్తుంచుకోవాలి. 6502 ప్రతి క్లాక్ సైకిల్‌లోనూ ఒకసారి మెమరీ దగ్గరికి వెళ్తుంది, పని ఉన్నా లేకపోయినా. కాబట్టి ఒక ఆదేశానికి ఎన్ని సైకిళ్లు పడతాయో బట్టీ పట్టక్కర్లేదు, మెమరీకి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కపెడితే చాలు.

## ఒకే సంఖ్య, మూడు అర్థాలు

మెమరీలో ఈ నాలుగు గదుల్లో ఈ విలువలు ఉన్నాయనుకుందాం. `X`, `Y` రెండింటిలోనూ 3 ఉంది.

```
$0050 : 20
$0051 : 03
$0320 : 2A
$0323 : 63
```

ఇప్పుడు `$50` అనే ఒకే సంఖ్యను మూడు రకాలుగా వాడి చూద్దాం.

```
LDA #$50       ; A = $50
LDA $50        ; A = $20
LDA ($50),Y    ; A = $63
```

మొదటిది ఇమ్మీడియట్. `#` గుర్తు ఉంది కనుక `$50` అన్నదే విలువ. ప్రాసెసర్ ఆప్‌కోడ్ కోసం ఒకసారి, దాని పక్కనే ఉన్న విలువ కోసం ఇంకోసారి మెమరీకి వెళ్తుంది. రెండు బైట్లు, రెండు సైకిళ్లు. ఇంతకంటే త్వరగా బయటి నుంచి విలువ తెచ్చుకునే దారి ఈ చిప్‌లో లేదు. అయితే ఆ విలువ ప్రోగ్రాంలోనే అచ్చయిపోయింది. ప్రోగ్రాం రామ్‌లో కాక రోమ్‌లో ఉంటే దాన్ని మార్చడమే కుదరదు.

రెండోది డైరెక్ట్. ఇక్కడ `$50` విలువ కాదు, చిరునామా. ఆప్‌కోడ్, చిరునామా, ఆ చిరునామాలో ఉన్న విలువ, ఇలా మూడు ప్రయాణాలు, మూడు సైకిళ్లు. చిరునామా జీరో పేజీ బయట ఉంటే రాయడానికి రెండు బైట్లు కావాలి. అప్పుడు `LDA $0320` మూడు బైట్ల ఆదేశమై నాలుగు సైకిళ్లు తీసుకుంటుంది. 6502 మాన్యువళ్లు ఈ రెంటినీ జీరో పేజీ, అబ్సొల్యూట్ అని విడివిడి పేర్లతో పిలుస్తాయి, రెండూ డైరెక్టే. ఒక్క బైటూ ఒక్క సైకిలూ మిగులుతాయి కనుక 6502 మీద పనిచేసేవాళ్లు తరచుగా వాడే చరరాశులను జీరో పేజీలో పెట్టుకోవడానికి పోటీపడేవారు. ఆపిల్ 2లో బేసిక్, మానిటర్ ప్రోగ్రాంలు ఆ 256 గదుల్లో చాలావాటిని ముందే ఆక్రమించుకోవడంతో, ఖాళీ గదుల పట్టిక దగ్గర పెట్టుకుని రాయాల్సి వచ్చేది.

మూడోది ఇన్‌డైరెక్ట్, దానికి ఇండెక్స్ కూడా తోడైంది. `$50` గదిలో ఉన్న `$20`, దాని పక్క గదిలో ఉన్న `$03` కలిపితే `$0320` అనే చిరునామా వస్తుంది. చిన్న భాగం ముందు, పెద్ద భాగం తర్వాత ఉండటం ఈ కుటుంబం ఆచారం. ఆ చిరునామాకు `Y`లోని 3 కలిపితే `$0323`. అక్కడున్న `$63` వచ్చి `A`లో పడుతుంది. తాళం వేసిన తలుపు మీద ‘పక్క వీధిలో ఫలానా ఇంట్లో ఉన్నాం’ అని చీటీ అంటించినట్టు, `$50` గది విలువను ఇవ్వదు, విలువ ఎక్కడుందో చెబుతుంది. ప్రయాణాలు లెక్కపెడితే ఆప్‌కోడ్, `$50`, చిరునామాలో చిన్న భాగం, పెద్ద భాగం, చివరికి విలువ: ఐదు సైకిళ్లు. ఆదేశం పొడవు మాత్రం రెండు బైట్లే.

ఇన్‌డైరెక్ట్ లేని ఒట్టి ఇండెక్స్డ్ ఇలా ఉంటుంది.

```
LDA $0320,X    ; A = $63
```

`$0320` ఆదేశంలోనే ఉంది, `X`లో 3 ఉంది, కలిపితే `$0323`. ఫలితం పై ఉదాహరణదే, వచ్చిన దారి వేరు. అక్కడ మొదలయ్యే చోటును కూడా మెమరీ నుంచి చదువుకున్నాం, ఇక్కడ అది ఆదేశంలో రాసి ఉంది.

కొత్తగా రాసేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఆ చిన్న `#` గుర్తే. `LDA #5` అని రాయబోయి `LDA 5` అని రాస్తే అసెంబ్లర్ నోరెత్తదు, ఎందుకంటే రెండూ చెల్లే ఆదేశాలే. ప్రోగ్రాం 5కు బదులు `$0005` గదిలో అప్పటికి ఏముంటే అది తెచ్చుకుంటుంది. కొన్నిసార్లు అక్కడ అనుకోకుండా సరైన విలువే ఉండి పని జరిగిపోతుంది, మర్నాడు జరగదు. పట్టుకోవాలంటే అసెంబ్లర్ ఇచ్చే లిస్టింగ్‌లో యంత్ర సంకేతాన్ని చూడాలి. ఇమ్మీడియట్ అయితే `A9 05`, జీరో పేజీ అయితే `A5 05` అని ఉంటుంది. మూలపాఠాన్ని పదిసార్లు చదివినా కంటికి ఆనని తేడా ఆ ఒక్క బైటులో బయటపడుతుంది.

## ఐదు సంఖ్యల మొత్తం

మోడ్‌ల అసలు తేడా ఒక్కో ఆదేశంలో కంటే ఒక చిన్న పనిలో బాగా తెలుస్తుంది. `$0300` నుంచి వరుసగా 12, 7, 30, 5, 20 అనే ఐదు సంఖ్యలున్నాయి. వాటి మొత్తం 74 రావాలి. మొత్తం 255 దాటదు కనుక ఒక బైటు సరిపోతుంది.

డైరెక్ట్ మోడ్‌తోనే చేస్తే:

```
CLC
LDA $0300
ADC $0301
ADC $0302
ADC $0303
ADC $0304
```

`ADC` ఎప్పుడూ క్యారీని కూడా కలుపుతుంది కనుక ముందు `CLC`తో దాన్ని తుడిచేశాం. `CLC` ఒక బైటు, మిగతా ఐదూ మూడేసి బైట్లు, మొత్తం 16 బైట్లు. సమయం 2కి ఐదు నాలుగులు కలిపి 22 సైకిళ్లు. వేగానికి వంక పెట్టలేం. కానీ వంద సంఖ్యలుంటే ఇదే పద్ధతికి 301 బైట్లు కావాలి, ఎన్ని సంఖ్యలో ముందే తెలియకపోతే అసలు రాయనే లేం.

ఇండెక్స్డ్ మోడ్‌తో:

```
      LDX #4
      LDA #0
      CLC
LOOP  ADC $0300,X
      DEX
      BPL LOOP
```

`X` 4 నుంచి 0 దాకా దిగుతుంది, కాబట్టి పట్టికను చివరి నుంచి మొదటికి చదువుతున్నాం. 0 తర్వాత ఇంకొకటి తగ్గితే `X` `$FF` అవుతుంది. దాని పై బిట్ 1 కనుక ప్రాసెసర్ దాన్ని రుణసంఖ్యగా లెక్కించి, `BPL` దగ్గర వెనక్కి వెళ్లకుండా లూప్ దాటేస్తుంది. `DEX` క్యారీని ముట్టుకోదు కనుక మొదట్లో ఒక్కసారి `CLC` చాలు. మొత్తం 11 బైట్లు. సమయం: ముందున్న మూడు ఆదేశాలకు 6, లూప్‌లో ఒక్కో చుట్టుకు 9, చివరి చుట్టులో మాత్రం 8. అంతా కలిపి 50 సైకిళ్లు. డైరెక్ట్ కంటే రెట్టింపు పైనే. ఐదు సంఖ్యలకు ఇది తెలివైన బేరం కాకపోవచ్చు. వందకైతే `LDX #99` అని మార్చితే చాలు, పొడవు అదే 11 బైట్లు.

ఈ లూప్‌లో ఒక గొయ్యి ఉంది. పట్టికలో 129 కంటే ఎక్కువ సంఖ్యలుంటే ఇది పనిచేయదు. ఉదాహరణకు `LDX #149`తో మొదలుపెడితే మొదటి `DEX` తర్వాత 148 మిగులుతుంది. దాని పై బిట్ 1 కనుక `BPL` అది రుణసంఖ్య అనుకుని వెంటనే ఆగిపోతుంది. ఆనవాలు స్పష్టంగానే ఉంటుంది: ‘మొత్తం’గా వచ్చింది పట్టికలోని చివరి సంఖ్య ఒక్కటే. ఇంకో హద్దు `X` పరిమాణం. అది ఒక్క బైటే కనుక ఆదేశంలోని చిరునామా నుంచి 255 గదుల దాకానే చేరగలదు. అంతకంటే పెద్ద పట్టికకు ఇండెక్స్డ్ ఒక్కటే చాలదు.

అక్కడే ఇన్‌డైరెక్ట్ అవసరం మొదలవుతుంది. పై లూప్‌లో `$0300` ఆదేశంలోనే ఇరుక్కుపోయింది. ఇదే లెక్క `$0400`లోని ఇంకో పట్టికకు కావాలంటే లూప్‌ను మళ్లీ రాయాలి. బదులుగా చిరునామాను `$50`, `$51` గదుల్లో పెట్టి, లూప్‌ను అక్కణ్ణుంచి చదువుకోనిద్దాం.

```
      LDA #$00
      STA $50
      LDA #$03
      STA $51
      LDY #4
      LDA #0
      CLC
LOOP  ADC ($50),Y
      DEY
      BPL LOOP
```

లూప్ భాగం 10 బైట్లు, 55 సైకిళ్లు. చిరునామా సిద్ధం చేయడానికి ఇంకో 8 బైట్లు, 10 సైకిళ్లు. అన్నిటికంటే నెమ్మది ఇదే. కానీ `LDY` నుంచి మొదలయ్యే భాగాన్ని సబ్‌రొటీన్‌గా చేస్తే మెమరీలో ఏ పట్టికకైనా అదే పనికొస్తుంది. 256 గదులు దాటినప్పుడు `INC $51` అంటే చాలు, చిరునామా తర్వాతి పేజీకి జరుగుతుంది. సీ భాషలో పాయింటర్ అనేది ఈ `$50`, `$51` గదుల జంటే. ఈ రెండు బైట్లనూ తారుమారు చేసి పెట్టడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. అప్పుడు చిరునామా `$0300` కాక `$0003` అవుతుంది, మొత్తంగా వచ్చేది జీరో పేజీలోని చెత్త.

6502లో `($50,X)` అనే ఇంకో రూపం కూడా ఉంది. అందులో ఇండెక్స్‌ను ముందు కలిపి, ఆ తర్వాత చిరునామాను చదువుతుంది. పాయింటర్ల వరుసలోంచి ఒకదాన్ని ఎంచుకోవడానికి పుట్టిన ఈ రూపం నిజమైన ప్రోగ్రాంలలో అరుదు. బ్రాకెట్ కామాకు ముందు మూసుకుంటుందా, తర్వాతా అన్నదే తేడా కనుక, పరీక్షల్లో మాత్రం తప్పక అడుగుతారు.

## పేజీ దాటినప్పుడు

పై లూప్‌లోని ఇండెక్స్డ్ ఆదేశానికి పట్టేది నాలుగు సైకిళ్లే. కూడిక కూడా ఉండగా అది డైరెక్ట్‌కు సమానంగా ఎలా పూర్తవుతోంది? చిరునామా పెద్ద భాగాన్ని మెమరీ నుంచి తెచ్చుకునే సైకిల్‌లోనే ప్రాసెసర్ చిన్న భాగానికి `X`ను కలిపేస్తుంది. కూడిక 255 దాటకపోతే చిరునామా సిద్ధం. దాటితే పెద్ద భాగానికి ఒకటి కలపాలి, దానికి ఇంకో సైకిల్ పడుతుంది.

`X`లో `$20` ఉండగా `LDA $03F0,X` ఏం చేస్తుందో చూద్దాం. `$F0`, `$20` కలిపితే `$110`. చిన్న భాగం `$10`, మిగిలింది క్యారీ. నాలుగో సైకిల్‌లో ప్రాసెసర్ ఇంకా సరిచేయని `$0310` గదినే చదివేస్తుంది. తప్పని తెలిశాక ఐదో సైకిల్‌లో `$0410`ను చదువుతుంది. మామూలు మెమరీలో ఆ వృథా చదువు వల్ల నష్టం లేదు. ఆ గదిలో ఏదైనా పరికరం రిజిస్టర్ ఉంటేనే చిక్కు. చదవగానే తన సంకేతాన్ని తుడిచేసుకునే పరికరాలుంటాయి. ప్రోగ్రాంలో ఎక్కడా చదవని పరికరం సంకేతం మాయమైపోతుంటే, దగ్గర్లో పేజీ దాటే ఇండెక్స్డ్ ఆదేశం ఉందేమో వెతకాలి.

`STA $03F0,X` విషయంలో రూపకర్తలు ఈ ఊహను నమ్ముకోలేదు. తప్పు గదిని చదివితే మళ్లీ చదవొచ్చు, తప్పు గదిలో రాస్తే అక్కడున్నది పోతుంది. అందుకే రాసే ఆదేశం పేజీ దాటినా దాటకపోయినా ఐదు సైకిళ్లు తీసుకుని, చిరునామా ఖాయమయ్యాకే రాస్తుంది.

జీరో పేజీ ఇండెక్స్‌లో ఆ సవరణే ఉండదు. `X`లో `$20` ఉండగా `LDA $F0,X` అంటే `$0110` చదువుతుందని అనుకుంటాం. చదివేది `$0010`. చిరునామా జీరో పేజీలోనే చుట్టు తిరిగి వస్తుంది. ఇది రూపకల్పనలో భాగమే. దీనికి తోబుట్టువు లాంటి ఇంకొకటి మాత్రం అచ్చమైన దోషం: `JMP ($02FF)` అంటే చిరునామా చిన్న భాగం `$02FF`లో, పెద్ద భాగం `$0300`లో ఉండాలి. 6502 పెద్ద భాగాన్ని `$0200` నుంచి తెస్తుంది. తర్వాత వచ్చిన 65C02లో దీన్ని సరిచేశారు, అందుకు అక్కడ ఒక సైకిల్ అదనంగా పడుతుంది.

## ఈ మోడ్‌లు లేనప్పుడు, వేరేగా ఉన్నప్పుడు

కేంబ్రిడ్జిలో 1949లో నడక మొదలుపెట్టిన ఎడ్‌శాక్ యంత్రంలో తొలినాళ్లలో ఇండెక్స్ రిజిస్టర్ లేదు. పట్టిక చదవాలంటే ప్రోగ్రాం తన ఆదేశాన్నే ఒక సంఖ్యగా తీసుకుని, అందులోని చిరునామాకు ఒకటి కలిపి, మళ్లీ అదే చోట రాసేది. అదే సంవత్సరం మాంచెస్టర్ మార్క్ 1లో బి-ట్యూబ్ అనే భాగం ఆ పనిని ఆదేశాన్ని ముట్టుకోకుండా చేసింది. ఇండెక్స్ రిజిస్టర్‌కు అది మొదటి రూపం. పాత పద్ధతి 6502లోనూ సాధ్యమే: `ADC $0300` ఆదేశపు రెండో బైటును `INC LOOP+1` అని పెంచుకుంటూ పోవచ్చు. ప్రోగ్రాం రోమ్‌లో ఉంటే మాత్రం కుదరదు.

మన పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ ల్యాబుల్లో ఈ పాఠం చాలాకాలంగా 8085 కిట్ల మీద సాగుతోంది. ఆ చిప్‌లో ఇండెక్స్డ్ మోడ్ లేదు. పట్టిక చదవాలంటే `HL` జంటలో చిరునామా పెట్టి, `ADD M` అని కలుపుకుని, `INX H` అని చిరునామాను జరపాలి. ఇన్‌డైరెక్టే అక్కడ ఇండెక్స్ పని కూడా చేస్తుంది. అక్కడి సమయాల లెక్క 6502కు తలకిందులు. డైరెక్ట్ ఆదేశం `LDA 2050H`కు 13 టి-స్టేట్‌లు, ఇన్‌డైరెక్ట్ ఆదేశం `MOV A,M`కు 7 మాత్రమే. కారణం, 8085 పాయింటర్ రిజిస్టర్‌లో ఉంటుంది, 6502 పాయింటర్ మెమరీలో ఉంటుంది. అందుకే ‘ఇన్‌డైరెక్ట్ నెమ్మది’ అని సూత్రంలా చెప్పే నోట్స్‌ను నమ్మకూడదు. ఆ చిరునామా ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి లెక్కకట్టాలి.

ఇంటెల్ 1985లో తెచ్చిన 80386 దీనికి ఎదురు దారి పట్టింది. `[EBX+ECX*4+16]` అని ఒకే ఆపరాండ్‌లో పాయింటర్, ఇండెక్స్, స్థిరమైన దూరం మూడూ ఇమిడిపోతాయి. ఆ `*4` ముఖ్యం. 6502లో ఇండెక్స్ ఎప్పుడూ బైట్లలోనే లెక్క. పట్టికలో ఒక్కో అంశం రెండు బైట్లదైతే ఇండెక్స్‌ను ముందుగా రెట్టింపు చేసుకోవాలి, మరిచిపోతే ఒక సంఖ్య చివరి సగం, తర్వాతి సంఖ్య మొదటి సగం కలిసి వస్తాయి. 80386 ఆ గుణకారాన్ని చిరునామా లెక్కలోనే కలిపేసింది.

బీబీసీ మైక్రోను తయారుచేసిన ఏకార్న్ సంస్థలోనే, 6502తో ఏళ్లపాటు పనిచేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఆర్మ్ ప్రాసెసర్‌ను రూపొందించారు. 1985లో తొలి చిప్ పనిచేసింది. దానిలో ప్రతి ఆదేశం 32 బిట్లే. పూర్తి 32 బిట్ల చిరునామాను ఆదేశంలో పెడితే ఆప్‌కోడ్‌కు చోటు మిగలదు, కాబట్టి మెమరీలోని ఏ గదినైనా ఆదేశంలోనే పేర్కొనే డైరెక్ట్ మోడ్ అక్కడ లేకుండా పోయింది.

```
LDR R0, =table
LDR R1, [R0, R2, LSL #2]
```

మొదటి వరుస ఇమ్మీడియట్‌లా కనిపిస్తుంది. నిజానికి అసెంబ్లర్ `table` చిరునామాను ప్రోగ్రాం పక్కనే ఒక గదిలో దాచి, ప్రోగ్రాం కౌంటర్ నుంచి దాని దూరం లెక్కగట్టి, అక్కణ్ణుంచి చదివే ఆదేశం రాస్తుంది. రెండో వరుస `R2`ను నాలుగుతో గుణించి, `R0`కు కలిపి, ఆ గదిలోని విలువను `R1`లోకి తెస్తుంది.